మూడేళ్ల రిసెప్షన్ పని రెజ్యూమెలో మూడు లైన్లే అవుతోంది, ఒక్క ఇంటర్వ్యూ కూడా రావట్లేదు

బెజవాడ_లలిత
విజయవాడలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో మూడేళ్లుగా ఫ్రంట్ ఆఫీసులో చేస్తున్నాను. మావారికి హైదరాబాద్ ట్రాన్స్‌ఫర్ అయింది. ఈ నెలాఖరుకి మానేసి నేనూ వెళ్లాలి. గచ్చిబౌలి, మాదాపూర్ కంపెనీల్లో ఫ్రంట్ ఆఫీస్ ఎగ్జిక్యూటివ్ పోస్టులకు జాబ్ సైట్లలో నలభై దాకా అప్లై చేశాను. ఇద్దరు ఫోన్ చేశారు. ల్యాబ్ అనగానే "మళ్లీ చెప్తాం" అని పెట్టేశారు.

నా రెజ్యూమెలో పని గురించి ఉన్నది ఇంతే: విజిటర్లను రిసీవ్ చేసుకోవడం, ఫోన్ కాల్స్ అటెండ్ అవడం, రికార్డులు మెయింటెయిన్ చేయడం. స్కిల్స్ కింద ఎంఎస్ ఆఫీస్, ఇంటర్నెట్, మంచి కమ్యూనికేషన్. పొద్దున ఆరున్నరకి షటర్ తీసిన దగ్గర్నుంచి ఊపిరాడని పని అది. కాగితం మీద పెడితే ఏమీ లేనట్టు కనిపిస్తోంది. ఎలా రాయాలి?

పటమట_కుర్రాడు
నంబర్లు వేయండి అక్కా. ఇప్పుడు అందరూ నంబర్లే చూస్తున్నారు. రోజుకి 300 మంది విజిటర్లు, 500 కాల్స్ అని పెట్టేయండి. వచ్చి ఎవరు లెక్కపెడతారు?

మణికొండ_రాజు
మీరిచ్చిన ఫోన్ నంబర్ ఒకసారి సరిచూసుకోండి. మా బావమరిది రెండు నెలలు కాల్ రావట్లేదని బాధపడ్డాడు. తీరా చూస్తే రెజ్యూమెలో ఒక అంకె తప్పు.

బెజవాడ_లలిత
@మణికొండ_రాజు నంబర్ సరిగ్గానే ఉందండీ, ఇద్దరు చేశారు కదా. అడిగింది లోపల రాసే విషయం గురించి.

ఫ్రంట్‌డెస్క్_పద్మ
@పటమట_కుర్రాడు నేను లెక్కపెడతాను తమ్ముడూ. పద్నాలుగేళ్లు డెస్క్ మీద కూర్చున్నాను. ఇప్పుడు అడ్మిన్‌లో ఉంటూ ఫ్రంట్ ఆఫీసుకి మనుషుల్ని తీసుకునేది నేనే. నువ్వు చెప్పిన నంబర్లే చూద్దాం. తొమ్మిది గంటల షిఫ్టు అంటే 540 నిమిషాలు. 300 మంది, 500 కాల్స్ కలిపి 800 పనులు. ఒక్కోదానికి 40 సెకన్లు పడతాయి. అన్నం తినకుండా, మంచినీళ్లు తాగకుండా. నలభై సెకన్లలో మనిషి పేరు కూడా సరిగ్గా రాయలేం. "డెస్క్ మీద ఎంతమంది ఉండేవాళ్లు" అని అడిగితే అక్కడే దొరికిపోతారు. దాంతో మిగతా రెజ్యూమె మీద కూడా నమ్మకం పోతుంది.

నంబర్ వేయాలన్న మాట మాత్రం నిజమే. కాకపోతే అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలగాలి. లలిత గారూ, మీరింకా ఉద్యోగంలోనే ఉన్నారు కాబట్టి మీకు తేలిక. పండగలు, హెల్త్ క్యాంపులు లేని మామూలు రెండు వారాలు తీసుకోండి. ప్రతిరోజూ ఎంతమంది వచ్చారు, అందులో బాగా రద్దీ ఉండే గంటల్లో ఎంతమంది, అప్పుడు డెస్క్ మీద మీరెంతమంది, ఈ మూడే రాసుకోండి. కాల్స్‌కి మీ ఇంటర్‌కమ్ సిస్టమ్‌లో రిపోర్టు వస్తే సరే. లేకపోతే ఒక వారం కాగితం మీద ఐదేసి గీతలు పెట్టుకుంటూ పోండి.

గేటు_సూరిబాబు
ఇంత కష్టం ఎందుకండీ, విజిటర్ రిజిస్టర్ పేజీలన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసుకుని ఇంటికెళ్లి లెక్కపెట్టుకోండి.

ఫ్రంట్‌డెస్క్_పద్మ
@గేటు_సూరిబాబు ఆ పని మాత్రం వద్దు. అందులో జనం పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటాయి. ల్యాబ్‌లో అయితే ఏ టెస్టుకి వచ్చారో కూడా ఉంటుంది. 2023లో వ్యక్తిగత డేటా చట్టం కూడా వచ్చింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ ఫొటోలు మీ ఫోన్‌లో ఉన్నాయని తెలిస్తే ఏ కంపెనీ మిమ్మల్ని డెస్క్ మీద కూర్చోబెడుతుంది? అంకెలు మాత్రం రాసుకుంటే చాలు.

గేటు_సూరిబాబు
అది ఆలోచించలేదండీ. మా గేటు దగ్గర డ్రైవర్లు కూడా ఫొటోలు తీస్తుంటారు, రేపట్నుంచి చెప్తాను.

కొత్తపేట_విమల
నాదీ ఇదే బాధ. పెళ్లయ్యాక ఆరేళ్లు ఇంట్లోనే ఉన్నాను. అంతకుముందు ఒక స్కూల్లో ఫ్రంట్ ఆఫీసు. ఇప్పుడు ఆ లెక్కలు ఎక్కడినుంచి తేవాలి?

ఫ్రంట్‌డెస్క్_పద్మ
@కొత్తపేట_విమల రిజిస్టర్ గుర్తు తెచ్చుకోండి. పేజీకి ఎన్ని గీతలు, రోజుకి ఎన్ని పేజీలు నిండేవి? 25 గీతల పేజీ, మామూలు రోజున రెండు నిండేవి అనుకుంటే "సుమారు 50" అని రాయండి. ఆ "సుమారు" అనే మాట తీసేయొద్దు. అడ్మిషన్ల నెలల్లో వేరుగా ఉండి ఉంటుంది, అదీ చెప్పొచ్చు. ఆరేళ్ల గ్యాప్ గురించి మాత్రం నేను ఇదీ అని చెప్పలేను, కంపెనీని బట్టి ఉంటుంది.

బెజవాడ_లలిత
రెండు వారాలు ఆగి రాస్తున్నాను. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో రోజు చివర వచ్చే రిపోర్టులో బిల్లుల సంఖ్య చూసి రాసుకున్నాను.

మొదటి వారం సోమవారం నుంచి శనివారం దాకా: 142, 118, 109, 104, 113, 151.
రెండో వారం: 138, 121, 106, 98, 117, 147.

మొత్తం 1464. పన్నెండు రోజులకి సగటు సరిగ్గా 122. ఎక్కువ వచ్చింది మొదటి శనివారం, 151. ఆ రోజు ఏడు నుంచి పది లోపే 88 బిల్లులు. పరగడుపున రక్తం ఇచ్చేవాళ్లంతా అప్పుడే వస్తారు. డెస్క్ మీద ఇద్దరం. కాల్స్ ఒక వారం గీతలు పెట్టాను, రోజుకి 60కి కాస్త అటూ ఇటూ. అవి నేను తీసినవే, పక్కమ్మాయివి కలపలేదు.

122 చూస్తే చిన్నగా అనిపిస్తోంది. 150కి పైగా అని రాసేయనా?

పటమట_కుర్రాడు
151 నిజంగా వచ్చింది కదా అక్కా, అబద్ధం కాదు. రాసేయండి.

ఫ్రంట్‌డెస్క్_పద్మ
వచ్చింది ఒక్కరోజు. దాన్ని రోజూ వచ్చినట్టు రాస్తే అబద్ధమే. రెండూ రాయండి, సగటు 122, రద్దీ రోజున 151.

ఇంకో సంగతి. 88 మంది మూడు గంటల్లో అంటే గంటకి 29 మంది. మీరిద్దరు కాబట్టి ఒక్కొక్కరికి గంటకి పదిహేను మంది దాకా. అంటే నాలుగు నిమిషాలకి ఒకరు. ఆ నాలుగు నిమిషాల్లో డాక్టర్ చీటీ చదవాలి, పేరు వయసు ఎక్కించాలి, ఏ టెస్టుకి పరగడుపు కావాలో అడగాలి, డబ్బు తీసుకోవాలి, బిల్లు ఇవ్వాలి. మధ్యలో ఫోన్. నాకు రెజ్యూమెలో కనిపించాల్సింది ఈ "నాలుగు నిమిషాలకి ఒకరు". 122 అన్న అంకె విడిగా చూస్తే పెద్దదో చిన్నదో నాకు తెలియదు. కాఫీ మెషిన్ పక్కన ప్రశాంతంగా కూర్చున్న ఇద్దరి ముందు 122 వేరు, మీ 122 వేరు.

బిల్లుల లెక్క విజిటర్ల లెక్క కాదన్నది కూడా గుర్తుంచుకోండి. ఒక పేషెంటుతో ఇద్దరు వస్తారు. సాయంత్రం రిపోర్టులు తీసుకోవడానికి వచ్చేవాళ్లకి కొత్త బిల్లు ఉండదు. కాబట్టి "విజిటర్లు" అని రాయకుండా "బిల్లింగ్ చేసిన పేషెంట్లు" అని రాయండి. ఇంటర్వ్యూలో అడిగితే మిగతా జనం ఇందులో లేరని చెప్పండి. తక్కువ చెప్పి నిలబడే అంకె అది.

ఎక్సెల్‌లో B కాలమ్‌లో రెండో వరుస నుంచి పెట్టుకుని ఉంటే సగటుకి, ఎక్కువదానికి ఇవి చాలు:

```
=AVERAGE(B2:B13)
=MAX(B2:B13)
```

బెజవాడ_లలిత
ఫోన్ క్యాలిక్యులేటర్‌లో చేశానండీ. ఎక్సెల్‌లో పేర్లు టైప్ చేయడం, ప్రింట్ తీయడం వరకే వచ్చు. స్కిల్స్‌లో "అడ్వాన్స్‌డ్ ఎక్సెల్" అని పెట్టమని ఫ్రెండ్ చెప్పింది.

తిరుపతి_నైట్‌షిఫ్ట్
పెట్టొద్దు. నేను పెట్టాను. ఇంటర్వ్యూలో ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి రెండు షీట్లు తెరిచి "ఇందులోంచి దాంట్లోకి వీలుకప్‌తో తెచ్చి చూపించు" అన్నారు. ఏసీలో చెమటలు పట్టాయి. మిగతా ఇంటర్వ్యూ అంతా బాగా చేసినా లాభం లేకపోయింది.

హోటల్ వాళ్లకి ఈ గొడవ ఉండదు. 2019 దాకా నేను హోటల్ ఫ్రంట్ ఆఫీసులో చేశాను. OPERA సాఫ్ట్‌వేర్ వచ్చా అని ఒకటే అడిగేవాళ్లు. చెక్-ఇన్, చెక్-అవుట్, నైట్ ఆడిట్ అన్నీ దాంట్లోనే. విదేశీ గెస్టు వస్తే పాస్‌పోర్టు, వీసా చూసి 24 గంటల్లో సి-ఫామ్ ఆన్‌లైన్‌లో పెట్టేవాళ్లం. అది చేసిన అనుభవం ఉందంటే చాలు, పిలిచేవాళ్లు. లలిత గారూ, మీరు కూడా హోటళ్లకి ట్రై చేయండి.

బెజవాడ_లలిత
@తిరుపతి_నైట్‌షిఫ్ట్ బాబు చిన్నవాడండీ, నైట్ షిఫ్టులు కుదరవు.

ఫ్రంట్‌డెస్క్_పద్మ
ఆయన చెప్పినదాంట్లో మీకు పనికొచ్చే ముక్క ఒకటుంది. ఆయన "సాఫ్ట్‌వేర్ వచ్చు" అని ఆగలేదు, దాంతో ఏం చేశారో చెప్పారు. మీరూ అలాగే రాయాలి. మీ రోజు గురించి చెప్పండి, ఏ ఏ స్క్రీన్లు తెరుస్తారు?

బెజవాడ_లలిత
ల్యాబ్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో రిజిస్ట్రేషన్, బిల్లు, రిపోర్టు రెడీ అయిందో లేదో చూడటం. ల్యాబ్ నంబర్ నుంచి వాట్సాప్ బిజినెస్‌లో రిపోర్టు పీడీఎఫ్ పంపడం. ఇంటర్‌కమ్‌లో డాక్టర్ గారికి, టెక్నీషియన్లకి కాల్ కలపడం. సాయంత్రం క్యాష్, కార్డు మెషిన్, యూపీఐ మూడూ బిల్లుల రిపోర్టుతో టాలీ చేసి మేనేజర్‌కి అప్పజెప్పడం.

ఫ్రంట్‌డెస్క్_పద్మ
ఇంత చేస్తూ రెజ్యూమెలో "ఇంటర్నెట్" అని రాశారా తల్లీ!

ఆ చివరిది పైకి తీసుకురండి. రోజూ డబ్బు లెక్క అప్పజెప్పి మూడేళ్లు నిలబడ్డారంటే మీ చేతిలో మా ఆఫీసు కొరియర్ డబ్బు, టీ ఖర్చుల డబ్బు పెట్టొచ్చని నాకు అర్థమవుతుంది. కాల్ కలపడం గురించి కూడా ఒక మాట ఎక్కువ రాయండి. లోపలి వాళ్లకి ముందు ఎవరు, ఎందుకు చేశారో చెప్పి కలుపుతారా, లేక ఊరికే తోసేస్తారా? కార్పొరేట్‌లో మొదటిదే కావాలి. జాబ్ ప్రకటనల్లో EPABX అని కనిపించేది ఇలా కాల్స్ కలిపే ఫోన్ సిస్టమే, కాబట్టి ఆ పదం మీ రెజ్యూమెలో అలాగే ఉండాలి. సైట్‌లో వెతికేవాళ్లు ఆ పదం కొట్టి వెతుకుతారు.

ఎక్సెల్ విషయంలో నేను పెట్టే పరీక్ష చెప్తాను, చాలా చిన్నది. 200 వరుసల విజిటర్ లిస్టు ఇస్తాను, లోపలికి వచ్చిన టైమ్ ఒక కాలమ్, బయటికి వెళ్లిన టైమ్ ఇంకో కాలమ్. "ఇంకా లోపలే ఉన్నవాళ్లు ఎవరు" అని అడుగుతాను. ఫిల్టర్ పెట్టి, బయటికి వెళ్లిన టైమ్ ఖాళీగా ఉన్నవి చూపిస్తే చాలు. బయటికి వెళ్లిన టైమ్ E కాలమ్‌లో ఉంటే, ఎంతమందో చెప్పడానికి ఇది:

```
=COUNTBLANK(E2:E201)
```

వీలుకప్ లేకపోయినా నాకు ఫర్వాలేదు. ఒక సాయంత్రం కూర్చుంటే ఫిల్టర్, సార్ట్, ఈ మూడు ఫార్ములాలూ వస్తాయి. అప్పుడు "ఎక్సెల్: ఫిల్టర్, సార్ట్, రోజువారీ లెక్కలు" అని ధైర్యంగా రాయండి.

తిరుపతి_నైట్‌షిఫ్ట్
మీ ఆఫీసులో ఫర్వాలేదు మేడమ్, నన్ను అడిగినచోట అదే అడిగారు. నేర్చుకుంటే మంచిదే అంటాను.

కొత్తపేట_విమల
గొడవపడే కాలర్ల గురించి ఎవరూ చెప్పలేదు. నేను "కోపంగా ఉన్న తల్లిదండ్రులను శాంతపరిచాను" అని రాశాను. సరిపోతుందా?

పటమట_కుర్రాడు
"నూటికి నూరు శాతం ఫిర్యాదులు పరిష్కరించాను" అని రాస్తే బాగుంటుంది.

ఫ్రంట్‌డెస్క్_పద్మ
@పటమట_కుర్రాడు నీకు నూరు అంటే ఇష్టం లాగుంది. ఏ రిసెప్షనిస్టూ అన్నీ పరిష్కరించలేదు, ఆ అధికారం మన చేతిలో ఉండదు. ఏది మనం తేల్చాలి, ఏది పైకి పంపాలి అన్నది తెలిసి ఉండటమే పనితనం.

@కొత్తపేట_విమల "శాంతపరిచాను" అంటే ఎలా అన్నది కనపడట్లేదు. ఎందుకు కోపం, మీరేం చేశారు, చివరికి ఏమైంది, ఈ మూడూ ఒక లైన్‌లోకి రావాలి. లలిత గారూ, మీకు బాగా గుర్తున్న కాల్ ఒకటి చెప్పండి.

బెజవాడ_లలిత
ఒకటా రెండా. పోయిన వేసవిలో ఒకాయన, వాళ్లమ్మగారి రిపోర్టు ఇంకా రాలేదని సాయంత్రం ఫోన్ చేశారు. సాంపిల్‌లో రక్తకణాలు పగిలిపోయాయి, పొటాషియం విలువ తప్పుగా వస్తుంది, మళ్లీ రక్తం తీయాలని టెక్నీషియన్ పక్కన పెట్టారు. ఆ సంగతి పేషెంటుకి ఎవరూ చెప్పలేదు. ఆయన "డబ్బుల కోసం రెండోసారి పొడుస్తారా" అని అరవడం మొదలుపెట్టారు. నేను మధ్యలో మాట్లాడలేదు. అయ్యాక "రెండోసారికి డబ్బు తీసుకోం సార్, బిల్లు నంబర్ చెప్పండి, ఇరవై నిమిషాల్లో నేనే చేస్తాను" అన్నాను. టెక్నీషియన్‌ని అడిగి, మేనేజర్ దగ్గర ఒప్పించి, పొద్దున్నే ఇంటికి మనిషిని పంపిస్తామని పద్దెనిమిదో నిమిషంలో చేశాను. మర్నాడు రిపోర్టు వెళ్లింది. ఆయన తర్వాత కూడా మా దగ్గరికే వస్తున్నారు.

ఇంకోటి కూడా ఉంది, అది రాయొచ్చో లేదో తెలియదు. ఒకాయన ఫోన్ చేసి ఒకమ్మాయి పేరు చెప్పి, నేను వాళ్ల బావని, రిపోర్టులో ఏం వచ్చిందో చెప్పు అన్నారు. పేషెంటు ఇచ్చిన నంబర్‌కే పంపుతాం సార్ అన్నాను. మీ ఓనర్ నాకు తెలుసు, ఉద్యోగం పీకిస్తాను అన్నారు. నేను అదే మాట మూడుసార్లు చెప్పాను. ఆయన పెట్టేశాక మేనేజర్‌కి చెప్పి డైరీలో రాసి పెట్టాను. ఆయన కోపం మాత్రం తగ్గలేదు, కాబట్టి సక్సెస్ కాదు కదా.

ఫ్రంట్‌డెస్క్_పద్మ
లలితా, రెండోదే మీకు ఉద్యోగం ఇచ్చేది!

కార్పొరేట్ డెస్క్ మీద కష్టమైన కాలర్ అంటే అరిచేవాడు తక్కువ. తియ్యగా మాట్లాడి సమాచారం లాగేవాడు ఎక్కువ. "మీ ఎండీ గారి క్లాస్‌మేట్‌ని, పర్సనల్ నంబర్ ఇవ్వమ్మా" అంటాడు. "ఫలానా అమ్మాయి మీ దగ్గరే చేస్తుందా, ఏ షిఫ్టు" అని అడుగుతాడు. "బ్యాంకు నుంచి" అంటాడు. అలాంటివాడికి మర్యాదగా, ఒకటే మాట మీద నిలబడి, ఇవ్వకుండా ఉండటం మీరు మూడేళ్లుగా చేస్తున్నారు. కాలర్ కోపం తగ్గాలని రూలేమీ లేదు. సమాచారం బయటికి వెళ్లలేదు, పై వాళ్లకి చెప్పారు, రాసి పెట్టారు. అదే ఫలితం.

"ల్యాబ్" అనగానే ఫోన్ పెట్టేసినవాళ్లకి ఇదే జవాబు. పేర్లు, ఏ టెస్టో, ఏ తారీఖో ఏదీ రాయొద్దు, ఇంటర్వ్యూలో కూడా చెప్పొద్దు. చెప్తే, గోప్యంగా ఉంచుతానన్న మాట మీరే తప్పినట్టు అవుతుంది.

గేటు_సూరిబాబు
"వాళ్ల బావని" అని గేటు దగ్గరికి కూడా వస్తారండీ. రోజుకో బావ!

బెజవాడ_లలిత
రాత్రి కూర్చుని రాశాను. రెజ్యూమెలో ఇంగ్లీషులోనే పెట్టాను, ఇక్కడ మన మాటల్లో:

ఇద్దరు సిబ్బంది ఉన్న డెస్క్ మీద రోజుకి సగటున 122 మంది పేషెంట్ల రిజిస్ట్రేషన్, బిల్లింగ్ (రద్దీ రోజున 151). అలాంటి రోజు ఉదయం రద్దీలో ఒక్కొక్కరం దాదాపు నాలుగు నిమిషాలకి ఒకరిని చూశాం.

EPABX మీద రోజుకి సుమారు 60 కాల్స్. ముందుగా లోపల చెప్పి, తర్వాతే కలపడం.

ల్యాబ్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, వాట్సాప్ బిజినెస్‌లో రిపోర్టులు పంపడం. ఎక్సెల్‌లో ఫిల్టర్, సార్ట్, రోజువారీ లెక్కలు. నగదు, కార్డు, యూపీఐ మొత్తాలను రోజూ సరిచూసి అప్పగించడం.

సంబంధం లేనివారు రిపోర్టు వివరాలు అడిగినప్పుడు మర్యాదగా నిరాకరించి మేనేజర్‌కి తెలియజేయడం. రిపోర్టు ఆలస్యమైన ఫిర్యాదులకు తిరిగి ఫోన్ చేసే సమయం చెప్పి, ఆ లోపే చేయడం.

ఫార్ములాలు ఆదివారం ప్రాక్టీస్ చేశాకే ఎక్సెల్ లైన్ పెట్టాను.

తిరుపతి_నైట్‌షిఫ్ట్
బాగుంది. ఫొటో పెట్టారా? ఫ్రంట్ ఆఫీసుకి ఫొటో ఉండాల్సిందే.

ఫ్రంట్‌డెస్క్_పద్మ
నేను ఫొటో చూడను, ఉంటే పక్కన పెడతాను. పనికి, మొహానికి సంబంధం లేదు.

తిరుపతి_నైట్‌షిఫ్ట్
మీరు చూడరు మేడమ్. మిగతావాళ్లు అడుగుతున్నారు, ప్రకటనల్లోనే రాస్తున్నారు.

కొత్తపేట_విమల
ఓనర్లకి ఇలా రోజుకి ఎంతమంది వస్తారో బయట రాస్తే నచ్చదేమో అని నా అనుమానం. పక్కవాళ్లకి వ్యాపారం లెక్క తెలిసిపోతుంది కదా?

ఫ్రంట్‌డెస్క్_పద్మ
అది న్యాయమైన అనుమానమే. పని చేస్తున్న చోట సంతకం పెట్టిన కాగితంలో అలాంటి షరతు ఉంటే అంకె తీసేసి "నాలుగు నిమిషాలకి ఒకరు" అన్నది మాత్రం ఉంచండి. లేనప్పుడు కూడా కొందరు ఓనర్లు ఒప్పుకోరు. లలిత గారూ, ఒకసారి మీ ఆఫర్ లెటర్ తీసి చూడండి.

బెజవాడ_లలిత
చూశానండీ. పేషెంట్ల వివరాల గురించే ఉంది, సంఖ్యల గురించి లేదు. అయినా మేనేజర్ గారిని అడిగాను, సగటు రాసుకోమన్నారు.

నిన్న మాదాపూర్ నుంచి ఒక ఫోన్ వచ్చింది. ఆవిడ మొదట అడిగింది "ఇద్దరంటే, రెండోవాళ్లు సెలవు పెట్టిన రోజున ఏం చేసేవారు" అని. రిపోర్టులు ఇచ్చే కౌంటర్ అబ్బాయిని బిల్లింగ్‌కి కూర్చోబెట్టి, నేను రిజిస్ట్రేషన్ చూసేదాన్నని చెప్పాను. గురువారం పదకొండింటికి రమ్మన్నారు. ఎక్సెల్ టెస్ట్ ఉంటుందట.

తిరుపతి_నైట్‌షిఫ్ట్
వీలుకప్ ఒకసారి చూసుకుని వెళ్లండి. నా మాట వినండి.